ఫండ్ అమ్మలేదు, అయినా ఏఐఎస్‌లో అమ్మకం

"మ్యూచువల్ ఫండ్‌లో లాభం లోపలే పెరిగే గ్రోత్ నుంచి, లాభం చేతికిచ్చే పేఅవుట్‌కి మారానంతే, రూపాయి కూడా తీయలేదు. ఆదాయపు పన్ను శాఖ చూపించే లావాదేవీల జాబితా ఏఐఎస్‌లో 2,60,000కి అమ్మినట్టు ఎందుకుంది?"

అలా మారడమే, అంటే ఆ స్విచ్చే అమ్మకం. అదే ఫండ్ అయినా పాత యూనిట్లు అమ్మి కొత్తవి కొన్నట్టే లెక్క. డబ్బు బ్యాంకుకి రాకపోయినా లాభంపై పన్ను లెక్క ఆ రోజే పడుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

1. మీరు 2023లో పెట్టింది 2,00,000 అయితే లాభం 60,000. మీది షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్ అనుకుందాం, కొని ఏడాది దాటింది. ఆ సంవత్సరం ఇలాంటి లాభాలన్నీ కలిపి 1.25 లక్షలు మించకపోతే పన్ను లేదు. మించినదానిపైనే 12.5 శాతం.
2. పన్ను లేకపోయినా రిటర్నులో చూపించండి.
3. కొత్త యూనిట్లకు ఏడాది గడువు స్విచ్ తేదీ నుంచి మళ్లీ మొదలు. ముందే అమ్మితే లాభంపై 20 శాతం.
4. ఇకపై వచ్చే పేఅవుట్ మీ ఆదాయంలో కలిసి, మీ స్లాబ్ ప్రకారం పన్ను పడుతుంది. గ్రోత్‌లోనే ఉంటే అమ్మేదాకా ఈ బాధ ఉండేది కాదు.