బటన్ సెల్ మీద ముందు అక్షరం చూడండి, అంకెలు తర్వాత

"నా క్యాలిక్యులేటర్‌లో LR44, కారు కీలో CR2032 ఉన్నాయి. షాపతను మొదటిదానికి AG13, రెండోదానికి CR2025 ఇచ్చి 'అన్నీ ఒకటేనండీ, పనిచేస్తాయి' అన్నాడు. వేయొచ్చా? అసలు ఈ నంబర్లకు అర్థం ఏమిటి?"

AG13 నిశ్చింతగా వేసుకోండి. అది LR44కే ఇంకో పేరు. CR2025ని మాత్రం వెనక్కి ఇచ్చి CR2032 తెచ్చుకోండి. ఎందుకో చివర్లో చెప్తాను. అంతకంటే ముందు ఆ "అన్నీ ఒకటే" అన్న మాట గురించి చెప్పాలి. ఆ మాట నమ్మి నేను తయారుచేసిన పదిహేడు ముక్కలు తుక్కులో వేశాను.

నేను బాలానగర్‌లో లేత్ మీద లోహపు ముక్కలు చెక్కే ఒక చిన్న టర్నింగ్ షాపు చూసుకుంటాను. నాలుగేళ్ల కిందట ఒక పార్టీకి స్పేసర్లు చేస్తున్నాం. పొడవు 42 మి.మీ., అటూ ఇటూ 0.1 వరకు ఫరవాలేదు. అంత వెసులుబాటు ఉన్నప్పుడు మైక్రోమీటర్ అక్కర్లేదు కాబట్టి ముక్కను దవడల మధ్య పట్టి కొలిచే డిజిటల్ వెర్నియర్‌తోనే చూసుకుంటూ పోతున్నాం. మధ్యాహ్నం నుంచి దాని డిస్‌ప్లే మిణుకుమిణుకుమంటోంది. ఆపరేటర్ వచ్చి "అన్నా, మీటర్ కొట్టుకుంటుంది" అన్నాడు. ఆఫ్ చేసి ఆన్ చెయ్ అన్నాను. చేశాడు, అంకెలు నిలబడ్డాయి, పని నడిచింది. మూడో రోజు పార్టీ దగ్గర నుంచి పదిహేడు ముక్కలు తిరిగొచ్చాయి, అన్నీ పొట్టివి. ఒక్కొక్కటీ 41.8 దగ్గర ఉంది. పొడవు ఎక్కువైతే మళ్లీ కొస చెక్కి సరిచేయొచ్చు, తక్కువైతే దాన్ని ఏం చేస్తాం?

వెర్నియర్ చేతిలోకి తీసుకుని రెండు దవడలూ పూర్తిగా మూశాను. 0.00 చూపించాల్సింది 0.22 చూపిస్తోంది. అంటే మధ్యలో ఎక్కడో సున్నా జరిగిపోయింది. అసలు పొడవు 41.78 ఉన్న ముక్కను అది 42.00 అని చూపిస్తోంది, మావాడు సరిగ్గా ఉందని పక్కన పెట్టేస్తున్నాడు. వాడి తప్పేమీ లేదు.

సెల్ తీసి మల్టీమీటర్ పెట్టాను. 1.38 వోల్టులు. సెల్ వీపు మీద LR44 అని ఉంది. వెర్నియర్‌తో వచ్చిన కాగితం వెతికి చూస్తే అందులో SR44 అని రాసుంది. మొదట్లో దాంతోపాటు వచ్చిన సెల్ ఏడాది దాటి నడిచింది. అది అయిపోయాక కౌంటర్ మీది స్ట్రిప్‌లోంచి పది రూపాయల సెల్ చింపి ఇస్తూ, "రెండూ ఒకటే సార్, సైజు చూడండి" అన్నాడు షాపతను. నిజమే, సైజు ఒకటే. రెండూ 11.6 మి.మీ. వెడల్పు, 5.4 మి.మీ. మందం. వెర్నియర్‌లో ఇట్టే కూర్చుంది. కొత్తది కాబట్టి మీటరు మీద కూడా ఒకటిన్నర వోల్టు పైనే చూపించి ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు ఈ రెండింటినీ మీటరుతో వేరు చేయలేం. మోసపోయేది సరిగ్గా అక్కడే.

తేడా అంతా ఆ మొదటి అక్షరంలో ఉంది. L అంటే ఆల్కలైన్, S అంటే సిల్వర్ ఆక్సైడ్. తర్వాత వచ్చే R అంటే గుండ్రటిది అని మాత్రమే. ఆల్కలైన్ సెల్ వాడుతున్న మొదటి రోజు నుంచే కొంచెం కొంచెంగా కిందికి జారుతుంది. 1.5 నుంచి 1.4, తర్వాత 1.3, అలా 1.0 దాకా మెట్లు దిగినట్టు దిగుతుంది. సిల్వర్ ఆక్సైడ్ అలా కాదు. 1.55 దగ్గర నిలబడి, దాదాపు చివరిదాకా అక్కడే ఉండి, అయిపోయే ముందు ఒక్కసారిగా పడిపోతుంది. మా వెర్నియర్‌లాంటి వాటికి 1.4 దాటి కిందికి వస్తే అంకెలు కొట్టుకోవడం మొదలవుతుంది. అంటే ఆల్కలైన్ వేస్తే అందులో సరుకు ఇంకా చాలా మిగిలి ఉండగానే వెర్నియర్‌కు అది చచ్చిన సెల్ అయిపోతుంది. పైగా చవక రకం వెర్నియర్లు ఆఫ్ బటన్ నొక్కితే డిస్‌ప్లే మాత్రమే ఆర్పుతాయి, లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. బీరువాలో పెట్టినా సెల్ తింటూనే ఉంటాయి.

ఆ 1.38 సెల్‌ను పారేయకుండా ఆఫీసు క్యాలిక్యులేటర్‌లో వేశాను. ఎనిమిది నెలలు నడిచింది! అందుకే మీ క్యాలిక్యులేటర్‌కు AG13 చాలు అంటున్నాను. కూడికలు చేసే వస్తువుకు వోల్టేజీ కొంచెం జారినా లెక్క తప్పు రాదు, అంకెలు మసకబారతాయి, అంతే. కొలిచే వస్తువుకు అలా కుదరదు. L ఉన్నచోట S ఎప్పుడైనా వేయొచ్చు, డబ్బు ఎక్కువ అవుతుంది తప్ప నష్టం లేదు. S అడిగిన చోట L వేయడం మాత్రం తాత్కాలికమే. వెర్నియర్, డయల్ గేజ్, చేతి గడియారం లాంటివాటిలో అసలు వేయకూడదన్నది నా అభిప్రాయం. ఇప్పుడు మా షాపులో సిల్వర్ సెల్లే వేస్తున్నాం. ధర ఐదారు రెట్లు ఉంటుంది. ఒక్క ముక్క తుక్కులో పడినా అంతకంటే ఎక్కువే పోతుంది.

ఇదే సైజులో P అక్షరంతో ఇంకోటి ఉంది, చెవి మిషన్‌లో వేసే PR44. దానికి వీపున సన్నటి రంధ్రాలు, వాటి మీద నీలం స్టిక్కర్ ఉంటాయి. స్టిక్కర్ పీకగానే గాలి పీల్చి పనిచేయడం మొదలుపెడుతుంది, ఇక వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో ఎండిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ల డబ్బాలోంచి ఒకటి తీసి క్యాలిక్యులేటర్‌లో వేయకండి.

ఇక అంకెలు. 44 అనేది కొలత కాదు, పాతకాలపు వరుస సంఖ్య. దాన్ని విడదీసి చదవడానికి లేదు. LR41 కూడా అంతే. నాలుగంకెలు ఉంటే అది కొలత. చివరి రెండూ మందం, మి.మీ.లో పదో వంతుల లెక్కన. మొదటి రెండూ వెడల్పు, మి.మీ.లో, దశాంశం కత్తిరించేసి. CR2032 అంటే 20 మి.మీ. వెడల్పు, 3.2 మందం. అదే CR2450 అయితే 24 కాదు, 24.5 మి.మీ. వెడల్పు, 5.0 మందం. ఆ కత్తిరించిన అర మి.మీ. తెలియక ఒకతను హోల్డర్‌కు సరిగ్గా 24 బోర్ చేయించుకుని వెళ్లాడు మా దగ్గర, మళ్లీ పట్టుకొచ్చాడు. LR44కు కొలతతో పేరు పెడితే LR1154 అవుతుంది. కొన్ని సెల్లుల మీద అలాగే రాస్తారు కూడా.

C అంటే లిథియం, 3 వోల్టులు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. CR2032 పక్కనే LIR2032 అని అమ్ముతారు. పరిమాణం అంతా అదే, కానీ ముందు L ఉన్నా అది ఆల్కలైన్ కాదు, చార్జ్ చేసుకునే లిథియం సెల్. నిండా ఉన్నప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది, పైగా అందులో పట్టేది మామూలు సెల్‌లో అయిదో వంతు. 3 వోల్టుల కీలో దాన్ని వేయకండి. LIR ఉండాల్సిన చోట CR వేస్తే ఇంకా ప్రమాదం. మా అక్క కొడుకు ఇంజినీరింగ్ ప్రాజెక్టు కోసం టైము గుర్తుపెట్టుకునే చిన్న బోర్డు తెచ్చి అందులో CR2032 వేశాడు. ఆ బోర్డు LIR సెల్‌ను చార్జ్ చేసేలా కట్టి ఉంది. కొన్నాళ్లకు సెల్ పొట్ట ఉబ్బి హోల్డర్‌లోంచి లేచింది. చార్జ్ చేయకూడని సెల్‌లోకి కరెంటు ఎక్కిస్తే అది పగలొచ్చు కూడా. చార్జింగ్ దారిలో ఉన్న రెసిస్టర్ ఊడదీశాకే మళ్లీ CR వేయనిచ్చాను.

ఇప్పుడు మీ కీ సంగతి. CR2025 కూడా 3 వోల్టులే, వెడల్పూ అదే 20. అందుకే వేయగానే పనిచేస్తుంది, షాపతను చెప్పినట్టే. కానీ మందం 0.7 మి.మీ. తక్కువ. కీ లోపలి స్ప్రింగ్ రేకు 3.2కి వంచి ఉంటుంది, 2.5 సెల్‌ను అంచులో తాకీ తాకనట్టు తాకుతుంది. కీ కింద పడినా, జేబులో నలిగినా కాంటాక్ట్ పోతుంది. పైగా సరుకు కూడా తక్కువ, 2032లో సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్ ఉంటే ఇందులో 160 చిల్లర. దారిలో సెల్ అయిపోతే ఇంటికి చేరడానికి వేసుకోవచ్చు, అంతవరకే. ఖాళీ నింపుదామని సిగరెట్ పెట్టె రేకు మడిచి పెట్టేవాళ్లను చూశాను. ఆ పని అస్సలు వద్దు. సెల్ గిన్నె మొత్తం, పక్క గోడతో సహా ప్లస్. మైనస్ అనేది మధ్యలో ఉన్న మూత మాత్రమే. రెండింటికీ మధ్య సన్నటి ప్లాస్టిక్ వలయమే అడ్డం. రేకు ఒక్క మి.మీ. జరిగి అంచు తాకిందంటే షార్ట్ అయి సెల్ వేడెక్కుతుంది. దీనికి ఎదురుగా, 2025 చోటులో 2032ని నొక్కి కుక్కితే రేకు శాశ్వతంగా వంగిపోతుంది, తర్వాత సరైన సెల్ వేసినా పట్టదు.

సెల్ ఎప్పుడూ విడిగా ఇస్తే తీసుకోకండి, సీల్ ఉన్న స్ట్రిప్‌లోది అడగండి. మా వీధి షాపులో గాజు సీసాలో చిల్లర పైసల్లాగా కలిపి పోసి ఉంచుతాడు. ప్లస్సూ మైనస్సూ ఒకదానికొకటి తగిలి సగం అక్కడే చస్తాయి. దానికన్నా పెద్ద భయం పిల్లలు. ఈ 20 మి.మీ. లిథియం సెల్ చిన్నపిల్లల ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. కీకి పనికిరాని పాత సెల్ కూడా అంత పని చేస్తుంది. మింగారన్న అనుమానం వచ్చినా ఆగకుండా, వాంతి చేయించకుండా, నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. మీరు తీసిన పాత సెల్‌కు రెండు వైపులా టేప్ చుట్టి పైన పెట్టండి.

కొత్త 2032ని అంచులు పట్టుకుని కూర్చోబెట్టి, మూత బిగించాక కీని అరచేతిలో నాలుగుసార్లు గట్టిగా తట్టి బటన్ నొక్కండి. తట్టినప్పుడల్లా లైటు వెలిగిందంటే రేకు పట్టినట్టే. ఒక్కసారి తప్పినా మూత తీసి, సెల్ పక్కన పెట్టి, ఆ స్ప్రింగ్ రేకును గోటితో కొంచెం పైకి లేపి మళ్లీ చూడండి.