రిటర్న్ లోడు సగమే రాసుకో

సుజాతా,

లోను మీద లారీ తీసుకుంటున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. మన ఇళ్లలో బండి కాగితాల మీద ఆడపిల్ల సంతకం పడటం ఇదే మొదలు. సంతోషమేసింది, దాంతోపాటే టెన్షన్ కూడా పట్టుకుంది. బ్యాంకు మేనేజరుకు రాసిన లేఖ వాట్సాప్‌లో పంపావు కదా, మొత్తం చదివాను.

ఉద్యమ్ సర్టిఫికెట్, బండి కొటేషన్, బ్యాంకు స్టేట్‌మెంట్, రిటర్నులు జతచేయాలని నీకు తెలుసు. నెలకు ఎన్ని లోడ్లు ఇస్తారో సరుకు పార్టీ చేత లెటర్‌హెడ్ మీద రాయించుకో.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఒక్క లైను: 'నెలకు 6 ట్రిప్పులు తిరిగితే బ్రేక్ ఈవెన్.' ఆ 6 ఎలా వచ్చిందో చూశాను. హైదరాబాద్ నుంచి విజయవాడకు పోయి రావడం 550 కిలోమీటర్లు. లీటరుకు 7 చొప్పున డీజిల్, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోళ్లు, బత్తా, టైర్ల అరుగుదల అన్నీ కలిపి ట్రిప్పుకు 12,000 వేశావు. అది బాగానే ఉంది. పోయేటప్పుడు కిరాయి 15,000, వచ్చేటప్పుడు 9,000, మిగిలేది 12,000. డ్రైవర్ జీతం, ఇన్సూరెన్స్, ట్యాక్స్, పార్కింగ్ నెలకు 28,000, కిస్తీ 43,000, మొత్తం 71,000. దాన్ని 12,000తో భాగించి 6 అన్నావు.

ప్రతిసారీ రిటర్న్ లోడు దొరుకుతుందని నీకెవరు చెప్పారమ్మా? పెద్దమామయ్యకు కూడా బ్రోకర్ అలాగే చెప్పాడు. ఆయన ఆ మాట మీదే కిస్తీ లెక్క కట్టాడు. లోడు లేక ఖాళీగా తిరిగొస్తే నష్టమని అక్కడే బండి ఆపించేవాడు. ఆటోనగర్‌లో డ్రైవర్ లారీ కిందే స్టవ్ పెట్టుకుని వండుకునేవాడు, ఇక్కడ పెద్దమామయ్య ఫోన్ పక్కనుంచి కదిలేవాడు కాదు. చివరికి దొరికింది సగం ధర లోడు. ఈలోగా హైదరాబాద్‌లో మన పార్టీ సరుకు వేరే బండికి వెళ్లిపోయేది. అలా నెలకు ట్రిప్పులు తగ్గాయి, కిస్తీలు నిలిచాయి, ఫైనాన్స్ వాళ్లు బండి పట్టుకుపోయారు. హయత్‌నగర్ ప్లాటు అమ్మినా బాకీ పూర్తిగా తీరలేదు. ఆయన డబ్బు పోగొట్టింది ఖాళీ బండి కన్నా ఎక్కువగా ఆగిన బండి.

కాబట్టి లెక్క మార్చు. రెండు ట్రిప్పులకు ఒక్కటే రిటర్న్ లోడు అనుకో. అప్పుడు వచ్చేటప్పటి కిరాయి సగటున 4,500, ట్రిప్పుకు మిగిలేది 7,500, బ్రేక్ ఈవెన్ 10 ట్రిప్పులు. రిటర్న్ లోడే లేకపోతే మిగిలేది 3,000, అప్పుడు 24 ట్రిప్పులు కావాలి, ఏ బండీ నెలలో అన్ని తిరగదు. ఈ మూడూ లేఖలో పెట్టు. 6 ఒక్కటే చూపిస్తే రిటర్న్ లోడు గురించి మేనేజరు అడిగే మొదటి ప్రశ్నకే నీ దగ్గర జవాబు ఉండదు.

ఇంకో మాట కూడా రాయి. 71,000ను 30తో భాగిస్తే బండి ఒక రోజు నిలబడితే దాదాపు 2,400 ఖర్చు. రెండు రోజులు ఆగి 4,500 లోడు తెస్తే అది ఆ ఖర్చుకే పోతుంది. అందుకే మర్నాటి పొద్దుటికి లోడు దొరక్కపోతే ఖాళీగానైనా బయల్దేరాలని డ్రైవర్‌కు ముందే చెప్పిపెట్టు.

పేబ్యాక్ దగ్గర కూడా తడబడ్డావు. ట్రిప్పుకు 7,500 చొప్పున నెలకు 12 ట్రిప్పులు తిరిగితే 90,000, అందులో 28,000 తీసేస్తే 62,000. బండి ఖరీదు 24 లక్షలను ఈ 62,000తో భాగించాలి, 39 నెలలు వస్తుంది, వడ్డీ కలపకుండా. నువ్వు కిస్తీ కూడా తీసేసి 19,000తో భాగించావు, పదేళ్లు దాటింది. కిస్తీలో అసలు కూడా ఉంటుంది తల్లీ, ఒకే డబ్బును రెండుసార్లు తీసేశావు. ఆ 19,000 నీ చేతి డబ్బు 4 లక్షలు తిరిగొచ్చే లెక్కకు పనికొస్తుంది, 21 నెలలు. రెండూ విడివిడిగా రాయి. 62,000 కిస్తీకి 1.44 రెట్లు, మేనేజరు ముందుగా చూసేది దాన్నే. వానాకాలంలో 10 ట్రిప్పులే పడితే కిస్తీ కట్టాక 4,000 మిగులుతుందని కూడా దాచకుండా రాయి. పార్టీలు బిల్లు డబ్బు నెలన్నరకు గానీ ఇవ్వరు కాబట్టి రెండు కిస్తీలు పక్కన పెట్టుకున్నాకే బండి రోడ్డెక్కించు.

ఇంటి కాగితాల మాట నువ్వుగా ఎత్తకు. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఎలాగూ ఎక్కుతుంది, బండి వాళ్లకు తాకట్టే. వాళ్లు ఇల్లు అడిగితే, ఇల్లు తాకట్టు లేకుండా గ్యారంటీ స్కీమ్ కింద ఇవ్వగలరేమో అడుగు, కుదరకపోతే ఇంకో బ్యాంకుకు వెళదాం. అక్క ఉండే ఇల్లు ఈ లెక్కలోకి రాకూడదు, ఇందులో నా మాట విను.

ఆదివారంలోగా తిరగరాసి పంపు. బ్యాంకుకు నేనూ వస్తాను. బయట బెంచీ మీద కూర్చుంటాను, లోపల లెక్క నువ్వే చెప్పాలి.

మీ చిన్నమామయ్య