ఫ్రెంచ్ సంఖ్యలు, పిల్లల లెక్కలు

ఫ్రెంచ్‌లో 93ని ‘నాలుగు ఇరవైల పదమూడు’ అంటారట కదా, దానివల్ల అక్కడి పిల్లలకు లెక్కలు కష్టమవుతాయా?

కూడికలు, తీసివేతల సంగతి అటుంచితే, విన్న సంఖ్యను అంకెల్లో రాయడం మాత్రం చిన్న తరగతుల్లో కొంత కష్టమే. అంకెల పద్ధతి పదుల మీద నడుస్తుంది: 93 అంటే తొమ్మిది పదులు, మూడు ఒకట్లు. ఫ్రెంచ్ మాటలో ఆ తొమ్మిది ఎక్కడా వినిపించదు. అక్కడ 70 ‘అరవై-పది’, 80 ‘నాలుగు-ఇరవై’, 90 ‘నాలుగు-ఇరవై-పది’.

టీచర్ 73 చెప్పారనుకోండి. పిల్లవాడికి వినిపించేది ‘అరవై పదమూడు’. ‘అరవై’ వినగానే 6 వేసేస్తాడు, తర్వాత ‘పదమూడు’ వస్తుంది. అప్పటికే రాసిన 6ను 7గా మార్చుకోవాలి. ఆ సంగతి తట్టకపోతే కాగితం మీద 613 గానీ, 6013 గానీ మిగులుతుంది. 63 చెబితే ఈ చిక్కే ఉండదు. బెల్జియంలో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లకు 70కీ 90కీ విడి మాటలున్నాయి కాబట్టి అక్కడి పిల్లలు ఈ చోట తక్కువ తడబడతారు. తమాషా ఏంటంటే, 80కి మాత్రం వాళ్లదీ ‘నాలుగు-ఇరవై’యే.

ఫ్రెంచ్ వాళ్లు ప్రతిసారీ మనసులో నాలుగును ఇరవైతో గుణిస్తారని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ లేదు. అలవాటైన వాళ్లకు అది 80ని సూచించే ఒకే మాట, విడదీసి చూడరు.