రోజుకి రెండు స్టేషన్లు చాలు

అమ్మాయ్,

లెక్కల క్లాసులో ఒక్కో చోట ఒక్కో పని పెట్టి, పిల్లల్ని జట్లుగా వాటి మధ్య తిప్పే స్టేషన్లు పెడితే క్లాసు సంతలా తయారైందని నిన్న ఫోన్లో ఒకటే గోల పెట్టావు కదా, తప్పు పిల్లలది కాదు, నువ్వు వేసుకున్న టైముది. 45 నిమిషాల పీరియడ్‌లో నాలుగూ తిప్పేయాలనుకున్నావు. ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలు కూడా మిగల్లేదు, మూడో తరగతి పిల్లలు చోటు చూసుకుని పెన్సిల్ తీసేసరికే అందులో మూడు పోతాయి.

24 మంది అంటే ఆరుగురేసి నాలుగు జట్లు. రోజుకి రెండే తిప్పు. మొదట ఐదు నిమిషాలు ఎవరెక్కడో చెప్పు, తర్వాత 15 నిమిషాలు, మారడానికి రెండు, మళ్లీ 15, మిగిలింది సర్దుకోవడానికి. మిగతా రెండు స్టేషన్లు రేపు. మొదటి నాలుగు రోజులు మాత్రం నీ బల్ల దగ్గర కూర్చోకు, చప్పట్లు వినగానే లేచి పక్క స్టేషన్‌కి వెళ్లడం ఒక్కటే అలవాటు చేయించు. విసుగ్గానే ఉంటుంది, కానీ ఇది వదిలేస్తే ఏడాదంతా అరుస్తూనే ఉంటావు.

స్టేషన్లలో పిల్లలు సొంతంగా చేసుకునే పని కార్డుల మీద కొత్త పాఠం పెట్టకు. నేనూ ఒకసారి కొలతలు చెప్పకుండానే కార్డులిచ్చేశాను, పది నిమిషాల్లో "టీచర్, ఇదేంటి" అంటూ నా బల్ల ముందు క్యూ. చెప్పేసిన లెక్కలే ఇవ్వాలి. ఒక్కో కార్డుకి ఒకే పని, పైన చేసి చూపిన లెక్క ఒకటి, వెనక జవాబులు, అడుగున త్వరగా అయిపోయినవాళ్లకి ఇంకో పని. చదవలేని పిల్లలుంటే బొమ్మ గీయి, పక్కన చదివేవాణ్ణి కూర్చోబెట్టు.

ఇక నీ బల్ల, అదీ ఒక స్టేషనే. గోడకి వీపు ఆనించి కూర్చో, క్లాసంతా కనబడాలి. ఆరుగురినీ ఒకే తప్పు చేసేవాళ్లని ఏరుకో. నువ్వు పంపిన నోట్సులో ఒకడు 52 లోంచి 27 తీసి 35 అని రాశాడు చూడు, అది అజాగ్రత్త కాదు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి తిరగేసి ఏడులోంచి రెండు తీశాడు. వాడికి ఇంకో పది లెక్కలిస్తే పదీ అలాగే చేస్తాడు. చీపురుపుల్లలు పదేసి ఐదు కట్టలు, విడిగా రెండు వాడి చేతికివ్వు. ఏడు ఇమ్మని అడుగు. లేవంటాడు. కట్ట విప్పమని నువ్వు చెప్పకు, ఆగు, వాడే విప్పుతాడు. అప్పుడు పన్నెండులోంచి ఏడు తీస్తే ఐదు, మిగిలిన నాలుగు కట్టల్లోంచి రెండు తీస్తే రెండు, మొత్తం 25. పుల్లలు పక్కనుండగానే పలక మీద రాయించు. 15 నిమిషాల్లో ఇలాంటివి మూడు అయితే గొప్పే. మళ్లీ వచ్చినప్పుడు పుల్లల్లేకుండా ఒక లెక్క ఇచ్చి చూడు, సరిగ్గా చేసినవాణ్ణి వేరే జట్టుకి మార్చెయ్. ఎప్పటికీ అదే ఆరుగురు ఉంటే పిల్లలే దానికి మొద్దుల బల్ల అని పేరు పెట్టేస్తారు.

కార్డులకి అట్టలు కొనకు, పాత శుభలేఖలు నా దగ్గర సంచెడున్నాయి, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు.

మీ పెద్దమ్మ