అమ్మాయి జ్వరంలో ఉన్నప్పుడు దానితో ఎలా మాట్లాడాలో

విశాఖపట్నం, సీతమ్మధార

చిన్నా,

మీ ఆవిడకి డెంగీ అని చెబుతూ నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "అత్తా, నేను ఏం చెప్పినా అటు తిరిగి పడుకుంటోంది. జ్వరంలో బెంగాలీలో ఏదో గొణుగుతుంది, నాకు ఒక్క ముక్క అర్థం కాదు" అన్నావు. మీరిద్దరూ మూడేళ్ళ నుంచి ఇంగ్లీషు, హిందీ కలిపి మాట్లాడుకుంటూ సంసారం చేస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్నంత కాలం అది చాలు. ఒళ్ళు కాలిపోతున్నప్పుడు మనిషికి పరాయి భాషలో మాట వెతుక్కునే ఓపిక ఉండదురా. అమ్మ దగ్గర నేర్చుకున్న మాటే నోటికొస్తుంది. ఆ మాటకు బదులు కూడా ఆ భాషలోనే వినాలని ఉంటుంది.

ఈ సంగతి నాకు 1991లో తెలిసింది. దొండపర్తి రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మీ మామయ్య కూడా బెంగాలీయే కదా, ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. నాలుగో రోజు రాత్రి ఆయన "గా గులోచ్ఛే, గా గులోచ్ఛే" అంటున్నారు. గొలా అంటే గొంతు అని నాకు అప్పటికే తెలుసు. గొంతు నొప్పి కాబోలనుకుని మిరియాల చారు వేడివేడిగా కాచి, బలవంతాన రెండు గుక్కలు తాగించాను. మరుక్షణం పక్క మీదే వాంతి చేసుకున్నారు. నేను భయపడి ఏడుస్తుంటే, మేం మాషీమా అని పిలిచే పక్క క్వార్టర్ బెంగాలీ పెద్దావిడ వచ్చింది. "గా" అంటే ఒళ్ళు, "గా గులోచ్ఛే" అంటే వికారంగా ఉందని ఆవిడే చెప్పింది. ఆయన నాకు సరిగ్గానే చెబుతున్నారు, నాకే వినడం రాలేదు. అందుకే నీకు మాటలు చెప్పే ముందు వినాల్సినవి రాస్తున్నాను.

"గా బ్యాథా" అంటే ఒళ్ళునొప్పులు. డెంగీలో ఇది అమ్మాయి నోట చాలాసార్లు వింటావు. బ్యాంకులో "బ్యా" పలికినట్టే పలకాలి. "మాథా ధొరేఛే" అంటే తలనొప్పి, మనం తల పట్టేసింది అంటామే అలాగే. "మాథా ఘుర్‌ఛే" వేరు, అది కళ్ళు తిరగడం. ఈ రెంటినీ కలిపేయకు. తల పట్టేస్తే నుదుటి మీద తడిగుడ్డ చాలు. కళ్ళు తిరుగుతున్నాయంటే మాత్రం ఒంటరిగా బాత్రూంకి పంపకూడదు, డాక్టర్‌కి చెప్పాలి. "షీత్ కొర్‌ఛే" అంటే చలి వేస్తోందని. అప్పుడు ఫ్యాన్ తగ్గించి దుప్పటి కప్పు. పక్కనే మీ మామయ్య కూర్చుని నా అక్షరాలు దిద్దుతున్నారు కాబట్టి పలుకుబడికి భయం లేదు.

ఇక ఆ రాత్రి మాషీమా ఏం చేసిందో చెబుతాను, నేను నేర్చుకున్నదంతా అక్కడే. ఆవిడ మంచం అంచున కూర్చుంది. మామూలు నీళ్ళలో పాత చీర ముక్క తడిపి, పిండి, నుదుటి మీద వేసింది. బెంగాలీలు దాన్ని జొల్‌పొట్టీ అంటారు. జ్వరం ఎంత ఉందని కూడా అడగకుండా "ఖూబ్ కొష్టో హొచ్ఛే, నా?" అంది. చాలా కష్టంగా ఉంది కదూ, అని. నాలుగు రోజులుగా నా ముందు కంటతడి పెట్టని మనిషి తలూపి, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆవిడ "ఆమి ఆఛి తో" అని ఊరుకుంది. గుడ్డ వేడెక్కినప్పుడల్లా మార్చింది తప్ప పావుగంట ఇంకో మాట లేదు. ఆయన నిద్రపోయారు.

నేను ఆ నాలుగు రోజులూ "ఏం కాదు, ఏం కాదు" అంటూనే ఉన్నాను. నువ్వూ అదే అంటున్నావని నాకు తెలుసు, మన ఇంట్లో అందరికీ అదే అలవాటు. బెంగాలీలో "కిఛ్ఛు హొబే నా" అని ఉంది, సరిగ్గా మన "ఏం కాదులే"నే. అది తప్పు మాట కాదు. కానీ మొదటి మాటగా అదే అంటే, నీ బాధ వినే తీరిక నాకు లేదన్నట్టు తగులుతుంది. దాంతో అమ్మాయి నోరు మూసుకుంటుంది, డెంగీలో నోరు మూసుకోవడం ప్రమాదం. ముందు "ఖూబ్ కొష్టో హొచ్ఛే, నా?" అను. అమ్మాయి చెప్పుకున్నది విను. ఆ తర్వాత "ఆమి ఆఛి తో" అను.

ఆ చివరి "తో" వదిలెయ్యకు. "ఆమి ఆఛి" అంటే నేనున్నాను, అంతే. "తో" చేరితే "నేనున్నాను కదా" అవుతుంది. మనం "కదా" అన్నప్పుడు గొంతు కాస్త దిగుతుంది చూడు, అలాగే దించి, మెల్లగా అనాలి.

"ఎక్టు" అనే మాట కూడా అలాంటిదే. కొంచెం అని అర్థం. నీళ్ళు తాగమనడానికి నువ్వు "జొల్ ఖావ్" అంటే ఆర్డరు వేసినట్టుంటుంది. "ఎక్టు జొల్ ఖాబే?" అంటే కొంచెం నీళ్ళు తాగుతావా అని. వాళ్ళ భాషలో నీళ్ళు కూడా "తింటారు", అది తప్పనుకుని దిద్దకు. డెంగీలో నీళ్ళే మందు కాబట్టి రోజంతా ఈ వాక్యం నీకు పనికొస్తుంది. మీ మధురవాడలో రోడ్డు పక్కనే కొబ్బరి బోండాలు దొరుకుతాయిగా. కొబ్బరి నీళ్ళకి వాళ్ళ మాట "డాబేర్ జొల్". "ఎక్టు డాబేర్ జొల్ ఖాబే?" అని గ్లాసు చూపించు. నిండు గ్లాసు చూస్తేనే వికారం వస్తుంది, పావు గ్లాసే పోసి తీసుకెళ్ళు. రెండు గుక్కలు తాగాక "ఆర్ ఎక్టు?" అను, ఇంకొంచెం అని. ఓఆర్‌ఎస్ కూడా ఇలాగే గుక్క గుక్కగా.

వద్దని తల తిప్పేస్తే బతిమాలకు. "థాక్, పొరే ఖెయో" అను. ఉండనీ, తర్వాత తాగుదువుగాని. ఈ "థాక్" చాలా గొప్ప మాటరా. విసుగు లేకుండా వదిలేయడం అందులో ఉంది. పావుగంట తర్వాత మళ్ళీ గ్లాసుతో వెళ్ళు, కానీ మొహంలో ఇందాకటి సంగతి కనబడకూడదు. మగవాళ్ళు తడబడేది ఇక్కడే. మూడోసారి వద్దనేసరికి గొంతు మారుతుంది. భాష రాకపోయినా గొంతు మారడం అమ్మాయికి తెలుస్తుంది. అన్నం తినడానికి అరగంట పడుతుంటే "తాడా నేయ్" అను, తొందరేం లేదని. అని గడియారం చూడకు.

బుజ్జగించే మాటలు అడిగావు. బెంగాలీలో "షోనా" అంటారు, అంటే బంగారమే, మన "బంగారం" లాగే వాడతారు. కానీ ఇన్నాళ్ళూ అలా పిలవని నువ్వు జ్వరంలో కొత్తగా పిలిస్తే, నాకేమైనా పెద్ద జబ్బు వచ్చిందా అని అది కంగారు పడుతుంది. నువ్వు మామూలుగా పిలిచే పేరుతోనే పిలువు. మాటల కంటే "మాథాయ్ హాత్ బులియే దీ?" మంచిది, తల నిమరనా అని. అడిగి నిమురు, ఒళ్ళునొప్పుల్లో అడక్కుండా ముట్టుకుంటే విసుక్కుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇవాళ జ్వరానికి మూడో రోజు అన్నావు. రేపో ఎల్లుండో జ్వరం దిగొచ్చు. అప్పుడు ఇద్దరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు, అక్కడే జాగ్రత్త. డెంగీలో జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే గట్టిగా కనిపెట్టుకుని ఉండాల్సిన రోజులు. ఆ రోజు "షేరే గేఛే" అనకు, అంటే తగ్గిపోయిందని. అలా అన్నావంటే లేచి వంటింట్లోకి పోతుంది, కడుపునొప్పి వచ్చినా నీ సంతోషం చెడగొట్టడం ఎందుకని దాచుకుంటుంది. "జొర్ కొమేఛే, ఎక్టు షుయే థాకో" అను. జ్వరం తగ్గింది, ఇంకాస్త పడుకునే ఉండు అని.

ఆ రెండు రోజులూ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పక్కన కూర్చుని అడగాల్సినవి ఇవి. "పేటే బ్యాథా కొర్‌ఛే?" కడుపులో నొప్పిగా ఉందా. "బొమి హొచ్ఛే?" వాంతులు అవుతున్నాయా. "మాడి దియే రొక్తో పొడ్‌ఛే?" చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా. పోలీసు విచారణలా వరసగా అడగకు, తల నిమురుతూ ఒక్కొక్కటే అడుగు. ఒంటికి వెళ్ళి ఎంతసేపైందో కూడా కనుక్కో, ఆరు గంటలు దాటకూడదు. వీటిలో ఏ ఒక్కటి అవునన్నా, లేక మనిషి మత్తుగా పడి ఉన్నా, ఊరికే అటూ ఇటూ కదిలిపోతున్నా, నాకు ఫోన్ చేసే ముందు ఆసుపత్రికి బయల్దేరు. జ్వరానికి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఒక్కటే. ఒళ్ళునొప్పులు ఎక్కువయ్యాయని మందుల షాపులో బ్రూఫెన్, ఆస్ప్రిన్ లాంటివి కొనకు, రక్తస్రావం పెంచుతాయి.

వాళ్ళమ్మగారికి రోజూ ఫోన్ కలుపు, కానీ ముందు నువ్వు విడిగా మాట్లాడి ప్లేట్‌లెట్ల లెక్క నువ్వే చెప్పు. పక్కనుంచి ఆవిడ కంగారు వింటే అమ్మాయికి టెన్షన్ పెరుగుతుంది. ఆవిడ కూతురితో మాట్లాడేటప్పుడు నువ్వు పక్కనే ఉండి విను. నేను ఈ కాగితం మీద రాయలేని గొంతు అక్కడ వినబడుతుంది.

ఇందులో ఇవాళ రాత్రికి మూడే పట్టుకో: "ఖూబ్ కొష్టో హొచ్ఛే, నా?", "ఆమి ఆఛి తో", "థాక్". తప్పు పలికినా ఫరవాలేదు. మామయ్య ఇప్పుడే అంటున్నారు, ఆ టైఫాయిడ్‌లో నేను "తో" అనబోయి "తా" అన్నానట, అదే ఆయనకు ఇప్పటికీ గుర్తుందట.

ఎల్లుండి పొద్దున్నే మెత్తగా ఉడికించిన అన్నం, పలచటి పప్పుకట్టు పట్టుకుని వస్తాం. మామయ్య అమ్మాయి దగ్గర కూర్చుంటారు, నువ్వు రెండు గంటలు పడుకుందువుగాని. రేపు జ్వరం దిగితే మాత్రం చిగుళ్ళ సంగతి అడిగి, ఏం చెప్పిందో దాని మాటల్లోనే నాకు ఫోన్‌లో చెప్పు.

మీ అత్త