బావగారి లోన్‌లో నా పేరు తీసేయమంటే బ్యాంకు తీస్తుందా?

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ టీచర్ని. 2019లో మా బావగారు హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నారు. ఆయన జీతం మీద 28 లక్షల లోన్ రాదన్నారని నన్ను కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టమన్నారు. అక్క కళ్లనీళ్లు పెట్టుకుంటే కాదనలేకపోయాను. ఫ్లాట్‌లో నాకు వాటా లేదు. 2023లో ఆయన ఉద్యోగం పోతే ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అయిదు ఈఎంఐలు నేనే కట్టాను. ఇప్పుడు ఆయనకు మంచి ఉద్యోగం వచ్చింది, కారు కూడా కొన్నారు, నాతో మాత్రం సరిగ్గా మాట్లాడరు. నేను ఇల్లు కట్టుకుందామని లోన్‌కు వెళితే, పాత లోన్ ఉంది కాబట్టి అడిగినంత రాదన్నారు. నా పేరు తీసేయమని బ్యాంకుకు ఉత్తరం రాసి ఏడాదైంది, జవాబు లేదు. జవాబు ఇవ్వలేదంటే ఒప్పుకున్నట్టే కదా? మా స్నేహితుడొకరు ‘చదవనివ్వకుండా సంతకం పెట్టించుకున్నారని పోలీసు కేసు పెట్టు, వాళ్లే దిగొస్తారు’ అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అక్కగారి కన్నీళ్లనూ, బావగారి కారునూ కాసేపు పక్కన పెట్టండి. మీ కేసును తేల్చేది బ్యాంకు ఇచ్చిన శాంక్షన్ లెటర్, దానితోపాటు మీరు సంతకం చేసిన లోన్ అగ్రిమెంట్. వాటిలో మీ పేరు ‘కో-బారోయర్’గా ఉందా, ‘గ్యారంటర్’గా ఉందా? ‘కో-అప్లికెంట్’ అనేది దరఖాస్తు ఫారంలోని మాట. లోన్ మంజూరయ్యాక అగ్రిమెంట్‌లో ఆ మనిషి మామూలుగా కో-బారోయర్ అయిపోతాడు. మీరు అగ్రిమెంట్ ఊసే ఎత్తలేదంటే కాపీ మీ దగ్గర లేదనుకుంటాను. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం లేకపోతే పిల్లవాణ్ని వెనక్కి పంపే టీచరు, 28 లక్షల అప్పుకు సంతకం పెట్టి కాపీ అడగకపోవడం ఏమిటండీ? ముందు బ్రాంచికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి శాంక్షన్ లెటర్, అగ్రిమెంట్ కాపీలు, 2019 నుంచి ఇప్పటిదాకా లోన్ స్టేట్‌మెంట్ తీసుకోండి.

కో-బారోయర్ అని ఉంటే మీరు హామీదారు కారు, అప్పు తీసుకున్నవారే. కాంట్రాక్టు చట్టం 1872, సెక్షన్ 43 ప్రకారం ఇద్దరు కలిసి మాట ఇస్తే, బ్యాంకు ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం బాకీ అడగవచ్చు. ముందు బావగారిని అడిగి, ఆయన ఇవ్వకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. ‘నేను ఊరికే సంతకం పెట్టాను, అసలు అప్పు ఆయనదే అని మేనేజర్‌కు కూడా తెలుసు’ అని మీరు అనబోతారు. ఆ వాదనకు సెక్షన్ 132 ఎప్పుడో తలుపు మూసేసింది. అప్పు తీసుకున్న ఇద్దరు తమలో తాము ఏమనుకున్నా, ఆ సంగతి అప్పు ఇచ్చినవాడికి తెలిసినా సరే, అతని హక్కు తగ్గదని ఆ సెక్షన్ చెబుతోంది. ఫ్లాట్‌లో మీకు వాటా లేకపోవడం వల్ల కూడా బాధ్యత తగ్గదు. ఒకవేళ గ్యారంటర్ అని ఉన్నా గొప్ప ఊరటేమీ లేదు. గ్యారంటీని రద్దు చేసుకునే హక్కు ఇకముందు ఇవ్వబోయే అప్పులకే వర్తిస్తుంది. మీ విషయంలో డబ్బు 2019లోనే ఇచ్చేశారు.

ఇక మీ ఉత్తరం సంగతి. పాత ఒప్పందంలోంచి ఒకరు బయటికి రావాలంటే దాని స్థానంలో కొత్త ఒప్పందం కుదరాలి, అందుకు బ్యాంకు ఒప్పుకోవాలి. ఊరుకోవడం ఒప్పుకోవడం కాదు. పెళ్లిచూపుల్లో మౌనం అర్ధాంగీకారమేమో గానీ బ్యాంకు దగ్గర కాదు. మీరు లాయర్ నోటీసు పంపినా, పేపర్లో ప్రకటన ఇచ్చినా ఫలితం ఇంతే. ఉత్తరానికి జవాబు ఇవ్వలేదని ముందు బ్యాంకులోనే ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో స్పందన రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. దానితో జవాబు రావచ్చు గానీ పేరు పోదు. ఎవరిని వదలాలి, ఎవరిని ఉంచాలి అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, అంబుడ్స్‌మన్ అందులో తలదూర్చరు.

మీ స్నేహితుడి సలహా ప్రమాదకరమైంది, ఆ మాట గట్టిగా చెబుతున్నాను. మీ జీతం స్లిప్పులు, ఫారం 16, పాన్ కాపీ మీరే ఇచ్చారు. వాటి మీద కూడా మీ సంతకాలు ఉంటాయి. ఆ తర్వాత అయిదు ఈఎంఐలు కట్టారు, పేరు తీసేయమని ఉత్తరమూ రాశారు. చదవనివ్వకుండా సంతకం పెట్టించుకున్నారని ఇప్పుడు పోలీసులకు చెబితే మీ ఉత్తరమే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. తెలిసి తెలిసి తప్పుడు ఫిర్యాదు ఇవ్వడం నేరం. మీరు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి శాఖాపరమైన చర్య కూడా ఉండవచ్చు. అప్పు అలాగే ఉంటుంది, దాని పక్కన కొత్త కేసు వచ్చి చేరుతుంది.

‘ఈఎంఐలు ఆగిపోతే బ్యాంకు ఫ్లాట్ అమ్ముకుంటుంది, నాకు పీడ వదులుతుంది’ అని కూడా అనుకోవద్దు. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది, ఆ మచ్చ మీ సిబిల్‌లోనూ పడుతుంది. వేలంలో వచ్చింది చాలకపోతే మిగతాది మీ దగ్గర అడుగుతారు. కోర్టు డిక్రీ వస్తే జీతం జప్తుకు వస్తుంది.

ఇప్పుడు పని జరిగే దారి చెబుతాను. 28 లక్షల లోన్, 20 ఏళ్లు, వడ్డీ 8.6 శాతం అనుకుంటే ఈఎంఐ సుమారు 24,500 వస్తుంది. ఆరేళ్లు కట్టాక ఇంకా 24 లక్షలకు కాస్త తక్కువ మిగులుతుంది. మీ చేతికి 70 వేల జీతం వస్తుందనీ, అందులో సగం దాకా ఈఎంఐలకు బ్యాంకు లెక్క కడుతుందనీ అనుకుందాం. అంటే 35 వేలు. పాత లోన్ 24,500 అందులోంచి పోతే మిగిలేది 10,500. దాని మీద అదే వడ్డీకి వచ్చేది 12 లక్షల లోన్. మీకు అడ్డం పడుతున్నది ఇదే. మీ అసలు అంకెలు వేసి చూసుకోండి.

ఇదే లెక్క బావగారికి కూడా వేయండి. ఇప్పుడాయన జీతం నెలకు 62 వేలనుకుంటే, సగం 31 వేలు. కారు లోన్ ఈఎంఐ 6,500 దాటకపోతే ఈ లోన్ ఆయన ఒక్కరి జీతం మీదే నిలబడుతుంది. దాటితే అక్కగారికి ఉద్యోగం ఉంటే ఆమెను మీ స్థానంలో చేర్చవచ్చు, లేదా కొంత అసలు ముందే కట్టి ఈఎంఐ తగ్గించుకోవచ్చు. అందుకే మీరొక్కరే ఉత్తరం రాస్తే పని జరగదు. దరఖాస్తు మీద బావగారి సంతకం ఉండాలి. ఆయన కొత్త జీతం స్లిప్పులు, ఫారం 16, బ్యాంక్ స్టేట్‌మెంట్ జతచేయాలి. బ్యాంకు కొత్త లోన్ ఇస్తున్నట్టే మళ్లీ పరిశీలించి, ఒప్పుకుంటే సప్లిమెంటరీ అగ్రిమెంట్ రాయించుకుంటుంది.

మధ్యలో పేరు తీయడం కుదరదని బ్యాంకు అంటే, బావగారు తన ఒక్కరి పేరు మీద వేరే బ్యాంకుకు లోన్ బదిలీ చేసుకోవాలి. నన్నడిగితే ఇదే శుభ్రమైన దారి, ఎందుకంటే పాత అప్పు పూర్తిగా మూసేస్తారు. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహ రుణానికి ముందుగా కట్టినందుకు జరిమానా వేయకూడదు. కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, టైటిల్ డీడ్స్ డిపాజిట్ ఖర్చులు మాత్రం తప్పవు. ఆయన్ని ఒప్పించడానికి ఆ ఖర్చులో సగం మీరు పెట్టుకున్నా నష్టం లేదు. బావగారు ఎందుకు ఒప్పుకుంటారంటారా? ఈ లోన్ మీద ఆయనకు టాప్-అప్ కావాలన్నా, వాయిదాలు మార్చుకోవాలన్నా మామూలుగా మీ సంతకం అడుగుతారు. అది పెట్టకండి. మీ చేతిలో మిగిలిన పట్టు అదొక్కటే.

బ్యాంకు విడుదల చేస్తే మీ పేరు, లోన్ నంబరు వేసి ‘బాధ్యత నుంచి విముక్తి’ అని రాసిన లెటర్ తీసుకోండి. మేనేజర్ నోటిమాట చెల్లదు. ఆ తర్వాత ఒక నెల ఆగి సిబిల్ రిపోర్టు చూడండి. ఇంకా మీ పేరు మీదే కనిపిస్తే సరిచేయమని ఫిర్యాదు ఇవ్వండి. ఆ ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం అడిగే హక్కు మీకుంది.

విడుదల దొరికేలోపు బావగారితో ఒక ఇండెమ్నిటీ బాండ్ రాయించుకోండి: ఈ అప్పు మొత్తం నాదే, నా బదులు మా బావమరిది కట్టిన ప్రతి రూపాయీ నేను తిరిగి ఇస్తాను అని. ఇది బ్యాంకును కట్టిపడేయదు, ఆయన్ని మాత్రం కట్టిపడేస్తుంది. ఇది ఎందుకంటే, సెక్షన్ 43 అప్పు తీసుకున్నవారి మధ్య భారాన్ని మామూలుగా సమానంగా పంచుతుంది. బాండ్ లేకపోతే, మీరు కట్టిన అయిదు ఈఎంఐలలో సగమే ఇస్తానని ఆయన లాయర్ వాదిస్తాడు. ఫ్లాట్ ఆయన ఒక్కరి పేరునే ఉందన్న సేల్ డీడ్ మీకు అప్పుడు సాక్ష్యం. మాటలో మాట, మీ ఐటీ రిటర్న్‌లో ఈ లోన్ వడ్డీని మినహాయింపుగా చూపించారా? వాటా లేని ఇంటికి ఆ మినహాయింపు రాదు, పైగా ఆ రిటర్న్ ఆయన చేతికి ఆయుధం అవుతుంది.

ఆ అయిదు ఈఎంఐలే, అంటే సుమారు 1,22,500 రూపాయలే, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే తొందర కనిపించిన విషయం. మీరు మాత్రం దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. ఇంకొకరి తరఫున కట్టిన డబ్బును రాబట్టుకునే దావాకు గడువు కట్టిన తేదీ నుంచి మూడేళ్లు. ఒక్కో ఈఎంఐకి లెక్క వేరే. 2023 ఏప్రిల్‌లో కట్టిన దానికి 2026 ఏప్రిల్‌తో, ఆగస్టులో కట్టిన దానికి 2026 ఆగస్టుతో గడువు తీరుతుంది. మీ పాస్‌బుక్ తీసి తేదీలు చూడండి. మీ ఖాతా నుంచి నేరుగా లోన్ ఖాతాకు వెళ్లి ఉంటే మీ కేసు బలంగా ఉన్నట్టే. బావగారి చేతికి నగదు ఇచ్చి ఉంటే, ఆయన వాట్సాప్‌లో ‘ఇచ్చేస్తాను’ అన్న మెసేజీలే దిక్కు. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. కోర్టులో వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కూడా పెట్టాల్సి ఉంటుంది. గడువు తీరకముందే ఆయన సంతకంతో ‘ఇంత బాకీ ఉన్నాను’ అని రాయించుకుంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. గడువు తీరిపోయిన వాటికి ఆ మాత్రం కాగితం చాలదు, ‘ఇస్తాను’ అని సంతకంతో కొత్తగా మాట రాసివ్వాలి. ఆయన ఏదీ రాయనంటే, గడువు మిగిలిన ఈఎంఐల మేరకు నోటీసు ఇచ్చి ఖమ్మంలోనే ఒక లాయర్‌కు ఫైలు అప్పగించండి.