సకినాలు చుట్టడాన్ని పైనుంచి వీడియో తీయాలంటే

చెల్లె,

నువ్వు పంపిన క్లిప్ రెండుసార్లు చూశాను. మీ అత్తమ్మ వేళ్ల మధ్య నుంచి పిండి సన్నగా జారుతూ చుట్టు తిరగడం చాలా బాగుంది. కానీ రెండో చుట్టు మొదలయ్యేసరికి ఆమె తల అడ్డం వచ్చింది. తెల్ల బట్ట బూడిద రంగులో పడింది. సంక్రాంతి లోపు మళ్లీ తీస్తానన్నావు కాబట్టి ఈ రెండింటి గురించే రాస్తున్నాను.

ముందు తల సంగతి. కింద కూర్చుని సకినాలు చుట్టేవాళ్లు ముందుకు వంగుతారు, అది పని తీరు. ఆమెను వంగొద్దని చెప్పకు, చేయి కుదరదు. ఫోన్‌ను ఇంకా పైకి ఎత్తాలని నీకు అనిపిస్తుంది. కానీ ఎంత పైకి పోతే ఫోన్‌కూ బట్టకూ మధ్య తల దూరడానికి అంత చోటు దొరుకుతుంది. మరీ కిందికి దించితే చేతులు ఫోన్‌కు తగులుతాయి, పైగా పిండి కన్నా చేతులే పెద్దగా కనిపిస్తాయి. అందుకని పనిని పైకి తెచ్చి, ఆమెకు కొంచెం ఎడంగా పెట్టు. వెడల్పాటి చెక్క పలకను రెండు పీటల మీద పెట్టి దాని మీద బట్ట పరుచు. పని ఎత్తుగా ఉంటే వంగడం దానంతటదే తగ్గుతుంది. ఫ్రేమ్ కింది అంచు ఆమె మోకాళ్లకు జానెడు దూరంలో ఉండాలి.

ఫోన్‌ను బట్టకు 75 సెంటీమీటర్ల ఎత్తున పెట్టి 2x లో తియ్యి. మామూలు 1x లో ఆ ఎత్తు నుంచి దాదాపు 90 సెంటీమీటర్ల వెడల్పు పడుతుంది, మోకాళ్లు, స్టాండ్ కాలు అన్నీ వచ్చేస్తాయి. 2x లో అందులో సగం. రెండు చేతులు, ఒక సకినం, పక్కన పిండి గిన్నె, అంతే కావాలి. స్క్రీన్ చూస్తూ ఫ్రేమ్ నాలుగు మూలలకు కొంచెం బయట టేప్ ముక్కలు అంటించు. నువ్వులు, వాము డబ్బాలు ఎక్కడి దాకా జరపొచ్చో అత్తమ్మకు అవే చెప్తాయి. ఒక సకినం అయ్యాక కెమెరా కదపకు, పలకనే మెల్లగా జరుపు. బట్టను మాత్రం లాగకు, తడి సకినం విరిగిపోతుంది.

స్టాండ్‌కు అడ్డంగా కడ్డీ ఉంటుంది కదా, ఫోన్ వేలాడే వైపే ఒక కాలు రావాలి. రెండో కొసకు రెండు కిలోల బియ్యం సంచి కట్టు. ఫోన్‌ను కడ్డీకి ఒక దారంతో కూడా కట్టేయి. కింద పెద్దామె చేతులున్నాయి, ఫోన్‌ను పట్టి ఉంచే క్లిప్ ఒక్కదాన్నే నమ్మలేం. ఫోన్‌ను అడ్డంగా తిప్పి, లెన్స్ ఎదురుగా చూస్తున్నప్పుడే రికార్డింగ్ మొదలుపెట్టి, తర్వాత కిందికి వంచు. కిందికి చూస్తున్న ఫోన్‌కు ఏది అడ్డమో ఏది నిలువో తెలియదు, వీడియో తిరగబడుతుంది.

ఇక వెలుతురు. నడినెత్తిన ట్యూబ్‌లైట్ ఉంటే ఫోన్ నీడ, తల నీడ రెండూ పిండి మీదే పడతాయి, దాన్ని ఆర్పెయ్యి. హన్మకొండలో మీ ముందుగదికి తూర్పు కిటికీ ఉందన్నావు, అది చాలు. ఆమె కుడిచేతి వాటం, కాబట్టి కిటికీ ఆమెకు ఎడమ వైపు, కొంచెం ముందుకు ఉండేలా కూర్చోబెట్టు. అప్పుడు చేతి నీడ పని మీద పడదు. పక్క నుంచి వచ్చే వెలుతురులో పిండి మెలికలు, అందులోని నువ్వులు విడివిడిగా తెలుస్తాయి. సూటిగా ఎండ పడితే కిటికీకి పలచటి తెల్ల పంచె కట్టు. కుడి వైపు నీడ మరీ నల్లగా ఉంటే థర్మకోల్ షీట్ నిలబెట్టు. రాత్రి తీయాల్సి వస్తే, ఎల్‌ఈడీ బల్బుల కింద వీడియోలో గీతలు పాకుతున్నట్టు కనిపించవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే చాలాసార్లు అవి పోతాయి.

తెల్ల బట్ట బూడిద కావడం ఫోన్ చేసే పని. ఫ్రేమంతా తెల్లగా ఉంటే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, చేతులు లోపలికి రాగానే మళ్లీ పెంచుతుంది. అందుకే వీడియో వెలిగి ఆరినట్టుంది. ముందు ఒక సకినం చుట్టించి, స్క్రీన్‌లో దాని మీద AE/AF LOCK వచ్చేదాకా నొక్కి పట్టుకో. తర్వాత బట్ట తెల్లగా కనిపించేదాకా ఫోన్‌లోనే వెలుతురు పెంచు, నేత కనిపించకుండా పోతే కాస్త తగ్గించు. ఫోకస్ కూడా అక్కడే ఆగిపోతుంది, చేయి అడ్డం వచ్చినా అటూ ఇటూ వెతకదు.

వేయించేది మాత్రం పైనుంచి వద్దు. తడి సకినం నూనెలో పడగానే ఆవిరి లేచి లెన్స్ మసకబారుతుంది, కాగే నూనె మీద ఫోన్ వేలాడదీయడమూ ప్రమాదమే. స్టాండ్‌ను పొయ్యికి పక్కన, కడాయి అంచు కన్నా కొంచెం ఎత్తుగా, దూరంగా పెట్టు.

ముందు పిండి లేకుండా, ఉత్త చేతులతో అర నిమిషం తీసి నాకు పంపు. తల ఎక్కడ దాకా వస్తుందో చూసి చెప్తాను.

మీ అక్క